రొంప తగ్గింది, చెవి దిబ్బడ తగ్గలేదు: ఎన్నాళ్ళు ఆగొచ్చు, ఎప్పుడు ఆగకూడదు

సంక్రాంతి వెళ్ళాక విశాఖలో ఈఎన్‌టీ డాక్టర్ల గదుల్లో తరచుగా వినిపించే మాట ఒకటుంది. "రొంప ఎప్పుడో తగ్గిపోయిందండి. చెవి మాత్రం దిబ్బడేసినట్టే ఉంది. నొప్పి లేదు, జ్వరం లేదు. నా గొంతు నాకే లోపల మోగుతోంది. గుటక వేస్తే టిక్కుమంటోంది." ఈ మాట చెప్పేవాళ్ళు అప్పటికే మెడికల్ షాపులో ఇచ్చిన యాంటీబయాటిక్ ఐదు రోజులూ మింగి ఉంటారు. చెవి చుక్కల సీసా సగం అయిపోయి ఉంటుంది. ఇంట్లో పెద్దవాళ్ళు వెల్లుల్లి వేసి కాచిన కొబ్బరినూనె కూడా ఓ రాత్రి పోసి ఉంటారు. అయినా చెవి తెరుచుకోదు.

తెరుచుకోకపోవడానికి కారణం తేలికే. నీరు చేరింది కర్ణభేరికి అవతల. చుక్కలు, నూనె పడుతున్నది ఇవతల.

చెవి రంధ్రంలో రెండున్నర సెంటీమీటర్లు లోపలికి వెళ్తే కర్ణభేరి అడ్డొస్తుంది. చిల్లు పడనంతవరకు అది పూర్తిగా మూసిన పొర, బయట వేసిన చుక్క దాన్ని దాటిపోదు. దాని వెనకున్న చిన్న గదిని మధ్యచెవి అంటాం. అందులో పట్టేది ఒకటి రెండు మిల్లీలీటర్లు. ఆ గదిలో ఉండాల్సింది గాలి. భేరి కదలికను లోపలి చెవికి అందించే మూడు బుల్లి ఎముకలు ఆ గాలిలోనే ఆడతాయి.

ఆ గాలి వచ్చేది ముక్కు వెనక నుంచి. మధ్యచెవిని ముక్కు వెనక భాగంతో కలుపుతూ సుమారు మూడున్నర సెంటీమీటర్ల సన్నటి గొట్టం ఉంటుంది. దాని పేరు యూస్టేకియన్ ట్యూబ్. మామూలుగా అది మూసుకునే ఉంటుంది. గుటక వేసినప్పుడు, ఆవులించినప్పుడు అంగిటి కండరం లాగితే క్షణంలో వెయ్యోవంతు కాకపోయినా రెప్పపాటు కాలం తెరుచుకుని మళ్ళీ మూసుకుంటుంది. మధ్యచెవి లోపలి పొర తన గదిలోని గాలిని నెమ్మదిగా పీల్చుకుంటూ ఉంటుంది. గుటక గుటకకీ వచ్చే కాస్త కొత్త గాలి ఆ లోటును పూడుస్తుంది. మనకి తెలియకుండా రోజంతా జరిగే పని ఇది.

రొంప పట్టినప్పుడు ముక్కు లోపల వాచినట్టే ఈ గొట్టం గోడలూ వాస్తాయి. గుటక వేసినా తెరుచుకోదు. లోపలి పొర మాత్రం గాలిని పీల్చుకోవడం ఆపదు. దాంతో గదిలో పీడనం పడిపోతుంది, బయటి గాలి భేరిని లోపలికి నొక్కేస్తుంది. మొదటి రెండు మూడు రోజుల దిబ్బడ ఇదే. గొట్టం ఇంకా తెరుచుకోకపోతే పొరలోని సన్నటి రక్తనాళాల నుంచి పల్చని, తేనెరంగు ద్రవం ఊరి గదిని నింపుతుంది. చాలామంది స్నానం చేసేటప్పుడు నీళ్ళు పోయాయనుకుని తల పక్కకి వాల్చి గెంతుతారు. ఈ నీరు బయటనుంచి పోయింది కాదు, లోపలే ఊరింది. చీము కూడా కాదు, అందుకే నొప్పీ జ్వరమూ ఉండవు. ఖాళీ బిందె మోగుతుంది, నిండు బిందె మోగదు కదా, భేరి పరిస్థితీ అంతే. ఎదుటివాళ్ళు మామూలుగా మాట్లాడితే వినిపిస్తుంది, గుసగుసలు మాత్రం జారిపోతాయి. ఫోను ఆ చెవికి పెట్టుకుంటే వాల్యూమ్ పెంచాల్సి వస్తుంది.

రొంప వారం పది రోజుల్లో పోతుంది. చెవి దిబ్బడ ఎందుకు పోదు? గొట్టం అంత సన్నంగా ఉండడం వల్ల దాని గోడలు కాస్త వాచినా దారి మూసుకుపోతుంది. పైగా ఊరిన ద్రవాన్ని ముక్కు వెనక్కి నెట్టాల్సిన సూక్ష్మ రోమాలు వైరస్ తాకిడికి దెబ్బతిని ఉంటాయి. అవి మళ్ళీ పనిలోకి రావడానికి వారాలు పడుతుంది. అందువల్ల రొంప తర్వాత ఈ నీరు నెల, నెలన్నర ఉండడం వింతేమీ కాదు. చాలామందికి కొన్ని వారాల్లో, దాదాపు అందరికీ మూడు నెలల లోపు దానంతట అదే పోతుంది. పొగ తాగేవాళ్ళకి, అలర్జీతో ముక్కు ఎప్పుడూ బిగుసుకుని ఉండేవాళ్ళకి ఇంకాస్త ఆలస్యం.

ఘాట్ రోడ్డు దిగేటప్పుడు ఏమవుతుంది

ఒక ఉదాహరణ తీసుకుందాం. గాజువాకలో ఉండే నలభై నాలుగేళ్ళ లెక్కల మాస్టారు అనుకోండి. పండగ సెలవుల్లో రొంప పట్టింది. నాలుగో రోజున, ముందే అనుకున్న ప్రయాణం కదా అని కుటుంబంతో అరకు వెళ్ళారు. వెళ్ళేటప్పుడు చెవులు టిక్కుటిక్కుమని తెరుచుకున్నాయి, ఇబ్బంది లేదు. సాయంత్రం అనంతగిరి దాటి దిగుతుండగా కుడి చెవి పట్టేసింది. శృంగవరపుకోట వచ్చేసరికి గట్టిగా మూసుకుపోయింది. ఇంటికొచ్చాక నొప్పి తగ్గింది కానీ దిబ్బడ పోలేదు.

అరకు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి పీడనం విశాఖలో కంటే దాదాపు పదో వంతు తక్కువ. పైకి ఎక్కేటప్పుడు మధ్యచెవిలో ఎక్కువగా ఉన్న గాలి గొట్టాన్ని తనంతట తానే తోసుకుని బయటికి వచ్చేస్తుంది. దిగేటప్పుడు లెక్క తిరగబడుతుంది. బయట పీడనం పెరుగుతూ వస్తుంది, లోపలికి గాలి వెళ్ళాలంటే కండరం లాగి తెరవాల్సిందే. వాచిన గొట్టం తెరుచుకోదు. ఎంత దిగితే అంత గట్టిగా అతుక్కుంటుంది కూడా. విమానం దిగేటప్పుడు చెవి పట్టేయడానికీ ఇదే కారణం. రొంపలో ఉండగా అరకు వెళ్ళక తప్పకపోతే, దిగడం మొదలయ్యాక కాకుండా ఓ అరగంట ముందే ముక్కు చుక్కలు వేసుకోవాలి. దారి పొడుగునా గుటకలు వేస్తూ ఉండాలి, నిద్రపోకూడదు. నిద్రలో గుటకలు తగ్గిపోతాయి. రుషికొండ దగ్గర స్కూబా డైవింగ్ లాంటివి మాత్రం రొంప ఉన్నన్నాళ్ళూ వద్దు. నీళ్ళలో పది మీటర్లు దిగితే పీడనం రెట్టింపవుతుంది. ఘాట్ రోడ్డు దాని ముందు ఏ పాటిది!

ఆగకూడని దిబ్బడ

మాస్టారి చెవిలో నీరు చేరిందని మనం ముందే చెప్పేసుకున్నాం. ఆయనకి మాత్రం ఆ సంగతి తెలియదు. ఆయనకి తెలిసింది దిబ్బడ ఒక్కటే. ఇక్కడే అసలు చిక్కు ఉంది. గులిమి అడ్డుపడినా దిబ్బడే, మధ్యచెవిలో నీరు చేరినా దిబ్బడే, లోపలి చెవి నరం ఒక్కసారిగా దెబ్బతిన్నా మనిషికి తెలిసేది ఆ దిబ్బడే. గులిమి సంగతి డాక్టరు చెవిలోకి చూసే ఆటోస్కోపుతో చూస్తే నిమిషంలో తేలిపోతుంది. చెవి డొప్ప లాగితే నొప్పి, దురద ఉంటే అది రంధ్రంలో వచ్చిన ఇన్ఫెక్షనో ఫంగసో అయి ఉంటుంది, మన సముద్రతీరపు చెమ్మలో అది మామూలే. ఇందాక చెప్పిన మూడోది, నరం దెబ్బతినడమే ప్రమాదం.

దాన్ని ఆకస్మిక నరాల చెవుడు అంటారు. కొన్ని గంటల్లో, లేదా మూడు రోజుల లోపు ఒక చెవి వినికిడి గణనీయంగా పడిపోతుంది. చాలామంది పొద్దున్న లేవగానే గమనిస్తారు. నొప్పి ఉండదు. చెవిలో హోరు ఉండొచ్చు, తల తిరగొచ్చు. కొందరికి సరిగ్గా రొంప తర్వాతే వస్తుంది, అందుకే "రొంప వల్లే, తగ్గిపోతుంది" అనుకుంటారు. దీనికి స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెట్టాలి, అదీ ఎంత త్వరగా అయితే అంత మంచిది. మొదటి రెండు వారాలు దాటితే ఫలితం బాగా తగ్గిపోతుంది. మాత్రలతో కోలుకోకపోతే భేరి గుండా మధ్యచెవిలోకే స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేస్తారు. చెవిలో నీరు ఉన్నవాడు నెల ఆగినా నష్టం లేదు. నరం దెబ్బతిన్నవాడు నెల ఆగితే ఆ వినికిడి తిరిగి రాకపోవచ్చు. ఇద్దరూ మెడికల్ షాపుకెళ్ళి చెప్పే మాట ఒకటే: "చెవి దిబ్బడేసిందండీ."

ఇంట్లోనే చేసుకోగల చిన్న పరీక్ష ఒకటుంది. ఇబ్బంది ఒక చెవిలోనే ఉన్నప్పుడు పనికొస్తుంది. నోరు మూసుకుని "మ్మ్మ్" అని ఒకే శ్రుతిలో గొంతులో మూలగండి. ఆ శబ్దం ఏ చెవిలో ఎక్కువ మోగుతోందో గమనించండి. దిబ్బడేసిన చెవిలోనే గట్టిగా మోగితే అడ్డంకి భేరి దగ్గరో మధ్యచెవిలోనో ఉందన్నమాట. బయటి చప్పుళ్ళు లోపలికి రావడం తగ్గింది కాబట్టి ఎముకల గుండా వచ్చే మన గొంతు అక్కడ ప్రస్ఫుటంగా వినిపిస్తుంది. మీ చూపుడువేలితో ఒక చెవి మూసుకుని మూలిగితే ఇది ఇప్పుడే తెలుస్తుంది. శబ్దం బాగున్న చెవి వైపుకి జరిగిపోతే మాత్రం అనుమానం నరం మీద. ఆ రోజే, కుదరకపోతే మర్నాడు, ఈఎన్‌టీ డాక్టరు దగ్గర ఉండాలి. డాక్టర్లు ట్యూనింగ్ ఫోర్కును నుదుటి మీద పెట్టి చేసేది ఇదే పరీక్ష, కాకపోతే ఇంకాస్త కచ్చితంగా. ఇంటి పరీక్ష పొరపాటు పడవచ్చు. అది భయపెడితే వెంటనే వెళ్ళండి. ధైర్యం చెప్పినా, వినికిడి ఒక్క రోజులో పడిపోయిందని మీకు అనిపిస్తే ఆ ధైర్యాన్ని నమ్మకుండా వెళ్ళండి.

ఆలస్యం లేకుండా తేల్చుకోవాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. చెవి వెనక ఎముక మీద వాపు, ఎరుపు. మూతి ఒక పక్కకి లాగడం. గది తిరుగుతున్నట్టు కళ్ళు తిరగడం. జ్వరంతో కూడిన గట్టి నొప్పి. చెవి నుంచి చీము, నెత్తురు. వీటిలో ఏదైనా ఉంటే ఇది మామూలు నీటి దిబ్బడ కాదు.

మాస్టారు మూలిగి చూసుకున్నారు. కుడి చెవిలోనే మోగింది. పైన చెప్పిన ప్రమాద గుర్తులేవీ లేవు కూడా, కాబట్టి కొన్నాళ్ళు ఆగొచ్చు.

ఆగే వారాల్లో ఏం చెయ్యాలి

మొదట, చేయక్కర్లేనివి. యాంటీబయాటిక్ అక్కర్లేదు, ఎందుకంటే అక్కడున్నది చీము కాదు. రొంపకిచ్చే అలర్జీ మాత్రలు, ముక్కు తెరిచే మాత్రలు ఈ నీటిని త్వరగా తోడేస్తాయని రుజువు కాలేదు. అలర్జీ నిజంగా ఉన్నవాళ్ళకి అలర్జీ మందు ముక్కుకి పనికొస్తుంది, అది వేరే సంగతి. రొంప మాత్రల్లో చాలావాటిలో ఫినైలెఫ్రిన్ లాంటి మందు కలిసి ఉంటుంది. అది రక్తపోటు పెంచుతుంది. బీపీ ఉన్నవాళ్ళు, ప్రోస్టేటు ఇబ్బంది ఉన్నవాళ్ళు అడగకుండా వేసుకోకూడదు. ఇక చెవిలో నూనె విషయం. భేరికి ఎక్కడైనా చిన్న చిల్లు ఉంటే అది నేరుగా మధ్యచెవిలోకి పోతుంది. చిల్లు లేకపోతే రంధ్రంలో నిలిచి ఫంగస్‌కి చోటిస్తుంది. రెండు విధాలా నష్టమే. ఈ మాట అమ్మమ్మకి చెప్పడం కష్టమని నాకూ తెలుసు.

ముక్కు చుక్కల సంగతి విడిగా చెప్పాలి. ఆక్సీమెటజోలిన్, జైలోమెటజోలిన్ అనే మందులున్న చుక్కలు ముక్కును నిమిషాల్లో తెరుస్తాయి. అందుకే జనం వదలరు. ఐదు రోజులు, మహా అయితే వారం. ఆ తర్వాత కూడా వేస్తూ పోతే మందు దిగిపోగానే ముక్కు ఇంకా ఎక్కువగా బిగుసుకుంటుంది, మళ్ళీ చుక్కలు వెయ్యాలి, మళ్ళీ బిగుసుకుంటుంది. నెలల తరబడి ఆ సీసా జేబులో పెట్టుకుని తిరిగేవాళ్ళుంటారు. వాళ్ళ చెవి తెరుచుకోకపోవడానికి ఆ సీసా కూడా ఓ కారణమే.

చేయదగినవి రెండు. ముక్కును ఉప్పునీళ్ళతో కడగడం ఒకటి. నీళ్ళు కాచి చల్లార్చినవై ఉండాలి, కుళాయి నీళ్ళు నేరుగా వాడకూడదు. రెండోది గొట్టాన్ని మెల్లగా తెరిచే కసరత్తు. ముక్కు వేళ్ళతో మూసి, నోరు మూసి, బుగ్గలు కొద్దిగా పొంగేటంత గాలి మాత్రమే ఊది, ఆ ఒత్తిడి నిలిపి ఉంచుతూనే గుటక వెయ్యాలి. రోజుకి నాలుగైదు సార్లు చాలు. గట్టిగా ఊదితే భేరికే ముప్పు, తల కూడా తిరుగుతుంది. ముక్కులోంచి పచ్చటి చీమిడి కారుతున్నన్నాళ్ళూ ఈ కసరత్తు చెయ్యొద్దు, ఆ మురికిని మనమే చెవిలోకి ఎక్కించినవాళ్ళమవుతాం. ముక్కుతో ఊదే చిన్న బెలూన్ పరికరాలు దొరుకుతాయి. అవి చేసే పనీ ఇదే.

స్టెరాయిడ్ ముక్కు స్ప్రే చెవిలో నీటికి నేరుగా మందు కాదు. ముక్కులో అలర్జీ ఉన్నవాళ్ళకి, అంటే పొద్దున్నే వరసగా తుమ్ములు, ముక్కు దురద, పోర్టు వైపు దుమ్ము తగిలితే ముక్కు కారడం ఉన్నవాళ్ళకి, డాక్టరు రాస్తారు. అది వేసిన రోజే పనిచేయదు, వారం రెండు వారాలు పడుతుంది. వేసే పద్ధతి సరిగా లేకే చాలాసార్లు వృథా అవుతుంది. తల కొంచెం ముందుకి వంచాలి. కుడి ముక్కుకి ఎడమ చేత్తో, ఎడమ ముక్కుకి కుడి చేత్తో పట్టుకుంటే స్ప్రే మూతి మధ్య గోడకి తగలకుండా బయటి వైపుకి, అదే వైపు కంటి బయటి కొస దిశగా తిరుగుతుంది. కొట్టాక గట్టిగా ఎగపీల్చకూడదు. గొంతులోకి చేదు దిగిందంటే మందు ముక్కులో నిలవలేదన్నమాట.

నాలుగో వారం: డాక్టరు గదిలో

మాస్టారు మూడు వారాలు చూశారు. కొద్దిగా మెరుగనిపించింది, మళ్ళీ అంతే. క్లాసులో కుడి వైపు బెంచీల పిల్లలు అడిగేది సరిగా వినిపించడం లేదు. నాలుగో వారంలో ఈఎన్‌టీ దగ్గరికి వెళ్ళారు. ఒకే చెవికి నీరు చేరి, మూడు నాలుగు వారాల్లో తగ్గుముఖం పట్టకపోతే పెద్దవాళ్ళు వెళ్ళాల్సిన సమయం అదే. విశాఖలో చెవి, ముక్కు, గొంతుకి విడిగా ప్రభుత్వాసుపత్రే ఉంది కాబట్టి ఖర్చుకి జంకి ఆగాల్సిన పని లేదు.

ఆటోస్కోపులో భేరి మెరుపు తగ్గి, తేనెరంగులో, లోపలికి గుంజుకుని కనిపించింది. వెనక రెండు గాలి బుడగలు. బుడగలు కనిపించడం మంచి గుర్తు, గొట్టం అప్పుడప్పుడైనా తెరుచుకుంటోందని అర్థం. వినికిడి కొలిచే ఆడియోగ్రామ్‌లో అంకె ఎంత తక్కువైతే వినికిడి అంత బాగున్నట్టు. కుడి చెవికి గాలి ద్వారా వినికిడి 30 డెసిబెల్స్ దగ్గర ఉంది, ఎముక ద్వారా 10 దగ్గర ఉంది. రెండు గీతల మధ్య ఆ దూరమే చెప్పాల్సింది చెబుతుంది: నరం బాగుంది, దారిలో అడ్డముంది. రెండు గీతలూ కలిసి కిందికి జారి ఉంటే కథ వేరుగా ఉండేది.

టింపనోగ్రామ్ అనే ఇంకో పరీక్ష నిమిషంలో అయిపోతుంది. రంధ్రంలో రబ్బరు మూత పెట్టి గాలి పీడనం మారుస్తూ భేరి ఎంత కదులుతుందో గీస్తారు. మామూలు చెవికి గీత మధ్యలో శిఖరం వస్తుంది, దాన్ని ఇంగ్లీషు అక్షరం 'ఏ' పేరుతో 'ఏ' టైపు అంటారు. శిఖరం ఎడమకి జరిగితే సి టైపు, లోపల పీడనం తగ్గింది. శిఖరమే లేకుండా చదునుగా ఉంటే బి టైపు, భేరి కదలడం లేదు. మాస్టారిది బి. రిపోర్టు ఇంటికి తెచ్చుకుని చదివేవాళ్ళ కోసం ఒక మాట: గులిమి అడ్డున్నా, భేరికి చిల్లున్నా గీత చదునుగానే వస్తుంది. అందుకే పక్కన రంధ్రం ఘనపరిమాణం అని ఒక అంకె ఇస్తారు. పెద్దవాళ్ళకి అది ఒక మిల్లీలీటరుకి అటూ ఇటూగా ఉంటే నీరు, బాగా తక్కువైతే గులిమి, బాగా ఎక్కువైతే చిల్లు అయి ఉండొచ్చు. ఆటోస్కోపుతో చూసినదానితో కలిపి చదవాలి.

ఉచిత వినికిడి పరీక్ష బోర్డు పెట్టిన చోటుకి ముందు వెళ్ళినవాళ్ళకి ఈ రెండు గీతల మధ్య దూరం గురించి ఎవరూ చెప్పకుండా వినికిడి యంత్రం చూపించే అవకాశం ఉంది. ఎముక గీత బాగుండి గాలి గీత మాత్రమే పడిపోయిన మనిషికి, డాక్టరు చూడకుండా యంత్రం కొనాల్సిన పని లేదు.

ఆ తర్వాత డాక్టరు ముక్కులోకి సన్నటి ఎండోస్కోప్ పెడతానన్నారు.

"చెవికి ముక్కులో గొట్టమెందుకండీ?"

"మీ చెవికి గాలి వచ్చే వాకిలి ముక్కు వెనకుంది మాస్టారూ. దానికి ఏదైనా అడ్డముందేమో చూడకుండా రొంపే కారణమని నేను చెప్పకూడదు. రెండు నిమిషాల పని, మత్తు స్ప్రే కొడతాను."

ఈ రెండు నిమిషాలను తప్పించుకోకూడదు. పిల్లల్లో చెవిలో నీరు మామూలు విషయం, వాళ్ళ గొట్టం పొట్టి. పెద్దవాళ్ళలో, అందులోనూ ఒకే చెవిలో, వారాల తరబడి నీరు నిలిస్తే డాక్టర్ల మనసులో ఒక ప్రశ్న ఉంటుంది: ముక్కు వెనక, గొట్టం వాకిలి పక్కన గడ్డ ఏదైనా ఉందా? ఆ వాకిలి వెనక చిన్న గుంటలో పుట్టే నాసోఫారింజియల్ క్యాన్సర్ మొదట్లో నొప్పి పెట్టదు. వాకిలిని నొక్కి, చెవిలో నీరు చేరడమే తొలి లక్షణం కావచ్చు. మన దేశంలో ఇది ఈశాన్య రాష్ట్రాల్లో, ముఖ్యంగా నాగాలాండ్‌లో ఎక్కువ, మన ప్రాంతంలో అరుదు. రొంప తర్వాత చెవి దిబ్బడేసిన నూటికి నూరుమంది దీన్ని తలచుకుని నిద్ర పాడు చేసుకోనక్కర్లేదు. చూసి లేదని తేల్చుకుంటే సరిపోతుంది. రొంప లేకుండానే ఒక చెవి దిబ్బడేసినా, మెడలో గట్టి గడ్డ తగిలినా, ముక్కు చీదితే నెత్తుటి చార వచ్చినా, ఒక వస్తువు రెండుగా కనిపించినా, ముఖం ఒక పక్క మొద్దుబారినా నాలుగు వారాలు కూడా ఆగకుండా వెళ్ళాలి. ఎండోస్కోపీ చేయకుండా నెలల తరబడి చెవి మందులే మారుస్తున్నారంటే, "ముక్కు వెనక చూశారా అండీ?" అని మీరే అడగండి. ఆ మాట అడగడం అమర్యాదేమీ కాదు.

మాస్టారికి వాకిలి చుట్టూ వాపు తప్ప ఏమీ కనిపించలేదు. ముక్కులో అలర్జీ ఛాయలున్నాయని స్ప్రే రాసి, ఊదే కసరత్తు చూపించి, ఐదు వారాల తర్వాత రమ్మన్నారు. తొమ్మిదో వారంలో మళ్ళీ తీసిన టింపనోగ్రామ్ సి టైపు వచ్చింది, నీరు చాలావరకు పోయి గాలి చేరుతోంది. ఈ దశలో చెవి టిక్కుటిక్కుమంటూ తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది. మనిషికి ముందుకంటే చికాగ్గా అనిపిస్తుంది, తిరగబెట్టిందేమో అనుకుంటాడు. పన్నెండో వారం లోపు మామూలు చెవికి వచ్చే 'ఏ' టైపే వచ్చింది.

మూడు నెలలు దాటితే

మాస్టారిలా అందరికీ కాకపోవచ్చు. మూడు నెలలు దాటినా నీరు ఉండి, ఆడియోగ్రామ్‌లో లోటు ఉండి, పనికి అడ్డొస్తుంటే భేరికి రెండు మిల్లీమీటర్ల గాటు పెట్టి నీరు పీల్చేస్తారు. పెద్దవాళ్ళకి చాలాసార్లు భేరికి మత్తు మందు రాసి, కూర్చున్న చోటే చేసేస్తారు. నీరు పీల్చిన క్షణంలోనే వినికిడి తిరిగొస్తుంది, అక్కడే కొందరు డాక్టరు గొంతు ఎక్కువైందని ఉలిక్కిపడతారు. గాటు కొద్ది రోజుల్లోనే మూసుకుపోతుంది, గొట్టం ఇంకా బాగుపడకపోతే నీరు మళ్ళీ చేరుతుంది. అందుకని గాటులో గ్రోమెట్ అనే చిన్న డమరుకం ఆకారపు గొట్టం పెడతారు. ఆర్నెల్ల నుంచి ఏడాది దాకా గాలి దాని గుండా నేరుగా వెళ్తుంది, ఆ తర్వాత చాలావరకు దానంతట అదే ఊడి వచ్చేస్తుంది. కొద్దిమందికి అది ఊడిన చోట చిల్లు మిగిలిపోవచ్చు, చెవి కారవచ్చు. ఈ రెండూ ముందే చెప్పించుకోవాలి.

గొట్టం పదేపదే మూసుకుపోయేవాళ్ళకి ముక్కు ద్వారా సన్నటి బెలూన్ పంపి వాకిలిని వెడల్పు చేసే పద్ధతి 2010 ప్రాంతంలో వచ్చింది. మూడు నెలలుగా లక్షణాలు ఉండి, ముక్కు అలర్జీకి సరైన వైద్యం జరిగి, టింపనోగ్రామ్ బాగోలేనివాళ్ళకే దాని గురించి మాట్లాడతారు. రొంప పట్టి నెలైనవాళ్ళకి ఎవరైనా ఆ ఆపరేషన్ సూచిస్తే ఇంకో డాక్టరుని కూడా కనుక్కోవడం మంచిది.

గ్రోమెట్ ఉన్నన్నాళ్ళూ తలస్నానం మామూలుగానే చెయ్యొచ్చు, కావాలంటే వ్యాజిలిన్ రాసిన దూది ముద్ద పెట్టుకోవచ్చు. సముద్రంలో మునకలు, డైవింగ్ మాత్రం డాక్టరుని అడగకుండా వద్దు. అరకు ఘాట్ దిగడానికి వాళ్ళకి భయమే లేదు. ఆ చెవికి గాలి ఇప్పుడు భేరి గుండానే వెళ్తోంది కాబట్టి రొంప ఉన్నా పట్టేయదు.